ఆదివారం లేని డ్రా

మా ఆయన ఉద్యోగం పోయి నెల దాటింది. నాకు ఏడో నెల. ఆష్‌బర్న్‌లోని మా అపార్ట్‌మెంట్ కిచెన్‌లో నేను పప్పు కలుపుతుంటే, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. లాటరీలో జాక్‌పాట్ తగిలిందట. స్క్రీన్ నిండా రంగు కాగితాలు రాలుతున్నాయి. నాకు సంతోషమూ కలగలేదు, అనుమానమూ కలగలేదు. పప్పు అడుగంటుతోందని స్టవ్ కట్టేశాను.

"వీసా మీద ఉన్నవాళ్ళం టికెట్ కొనకూడదు కదా. అందుకే ఈ సైట్. ఎవరో సిటిజన్ పేరు మీద వాళ్ళే మనకోసం కొంటారు" అన్నాడు. కార్‌పూల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక అంకుల్ లింక్ పెట్టారట. వీసా అంటే చాలు, మావాళ్ళకు గాలి పీల్చడానికి కూడా పర్మిషన్ కావాలేమోననిపిస్తుంది.

"డబ్బు ఎప్పుడిస్తారు?"

"ముందు క్లియరెన్స్ ఫీజ్ కట్టాలి. గిఫ్ట్ కార్డులు కొని, వెనక గీకి, ఆ నంబర్లు ఫొటో తీసి పంపమన్నారు. ఇన్సూరెన్స్‌కి ఉంచింది వాడదాం. రెండు రోజుల్లో వచ్చేస్తుంది."

ఉద్యోగం పోయాక కంపెనీ ఇచ్చిన పాత హెల్త్ ఇన్సూరెన్స్ నిలబడాలంటే ప్రీమియం మొత్తం మేమే కట్టాలి. శుక్రవారం ఆఖరి గడువు. అది తప్పితే కాన్పు ఖర్చంతా మా నెత్తిన పడుతుంది. అంత తెలిసీ నాకు కోపం రాలేదు. నాలోపల ఏదో మొద్దుబారిపోయింది.

ఫోన్‌లో రాష్ట్ర లాటరీ వాళ్ళ సొంత సైట్ తెరిచాను. మేజరైతే చాలు, వీసాతో పని లేదు, ఎవరైనా టికెట్ కొనొచ్చు. గెలిస్తే పన్ను ప్రైజ్‌లోంచే పట్టుకుంటారు, ముందుగా ఎవరూ ఫీజ్ అడగరు.

"నీకు ఏ రోజు డ్రాలో తగిలింది?"

"నిన్న. ఆదివారం."

"ఈ లాటరీ డ్రా సోమ, బుధ, శనివారాల్లోనే. ఆదివారం లేదు. శనివారం జాక్‌పాట్ ఎవరికీ తగల్లేదు, ఇవాళ్టి డ్రాకి పెరిగింది."

జాక్‌పాట్‌కి అరవై తొమ్మిది నంబర్లలో ఐదు, వేరే ఇరవై ఆరింటిలో ఇంకొకటి సరిగ్గా పడాలి. లెక్క లాటరీ వాళ్ళ సైట్‌లోనే ఉంది: దాదాపు ఇరవై తొమ్మిది కోట్లలో ఒక్క అవకాశం. రెండు తెలుగు రాష్ట్రాల జనానికి మూడింతల మందిని నిలబెట్టి, కళ్ళు మూసుకుని ఒక్కరిని చూపించడమన్నమాట. చదివి వినిపించాను. తల ఊపాడు. ఏడిస్తే బాగుండుననిపించింది, ఏడవలేదు.

ఇన్సూరెన్స్ పోర్టల్ తెరిచి అప్పుడే ప్రీమియం కట్టేశాను. అడ్డు చెప్పలేదు. పక్కన అతని ఫోన్ మోగుతూనే ఉంది. ఆ దొంగ సైట్ ఏజెంట్ మెసేజ్‌లు, 'లాస్ట్ ఛాన్స్' అంటూ.

కాసేపటికి అడిగాడు, "శనివారం నిజం డ్రాలో నా నంబర్లు ఎన్ని కలిశాయో చూడవా?"

ఆ దొంగ సైట్‌లో అతను పెట్టినవి మా పెళ్ళి తేదీ, డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ, ఇంకా ఏవేవో. ఒక్కొక్కటే పోల్చి చూశాను. ఒక్కటీ కలవలేదు.

"రెండు కలిశాయి" అన్నాను.

"పర్లేదే" అని, గిన్నె తీసుకుని అన్నం వడ్డించాడు.