నుస్రత్ బేగం రాయించిన తువ్వాలు చీటీ

గోదావరిఖని బస్టాండు వెనక ఉన్న లాడ్జి, బోర్డు మార్చుకుని హోటలైపోయింది. గోడలకు రంగులు పడ్డాయి, కుర్చీలు మారాయి. మారనిది నుస్రత్ బేగం ఒక్కతే. ఆ ఇరవై నాలుగు గదుల దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే పని పదహారేండ్లుగా ఆమెదే. బెల్లంపల్లిలో ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. భర్త జలాలుద్దీన్ బసంత్‌నగర్‌లో లారీల మెకానిక్. బొగ్గు మరకో, గోరింటాకు మరకో, గదిలో ఏం జరిగిందో తువ్వాలు చూసి చెప్పగలదు. చెప్పదు, ముసిముసిగా నవ్వుతుంది. గెస్టులకు ఆ నవ్వంటేనే గుబులు.

ఈ ఎండాకాలం బోరు అడుగంటింది. రోజూ ట్యాంకరు తెప్పించాల్సి వచ్చింది. ఓనరు ఉపేందర్ హైదరాబాదులో పెద్ద హోటల్లో దిగినప్పుడు బాత్రూంలో ఉన్న ఇంగ్లీషు కార్డును జేబులో వేసుకొచ్చాడు. ఆరేసిన తువ్వాలు మళ్లీ వాడుకునేది, నేల మీద వేసింది మార్చాల్సింది అని దాని సారాంశం. ఫోనుతో తెలుగు చేయించి గదిగదికీ అంటించాడు: "మన గ్రహాన్ని కాపాడండి. నేలపై తువ్వాలు అర్థం నన్ను భర్తీ చేయండి."

మర్నాడే సదయ్య అనే పెద్దమనిషి కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఏ గ్రహమమ్మా? నాకు శని నడుస్తుందని మీకెవలు చెప్పిన్రు?"

కౌంటర్లో ఉండే దీప నవ్వు ఆపుకోవడానికి వంగి, లేని కాగితం కోసం డ్రాయరంతా వెతికింది.

ఉపేందర్‌కు రోషమొచ్చి ఈసారి సొంతంగా రాశాడు: "హెచ్చరిక! నీటిని వృథా చేయరాదు. తువ్వాళ్లు ప్రతిదినం మార్చబడవు. బాధ్యతగా మెలగవలెను."

ఆ వారమే ఒక పెళ్లి పార్టీ దిగింది. "పైసలిచ్చి తిట్లు పడాల్నా?" అన్నాడట పెండ్లికొడుకు మేనమామ. వాళ్లు వెళ్లాక చూస్తే, ఎనిమిది గదుల్లో ఒక్క తువ్వాలు కూడా కడ్డీ మీద లేదు. వాడనివి కూడా తడిపి నేలకేసి కొట్టారు. ఒకదానితో కారు తుడిచారు, ఇంకోదానితో బూట్లు.

నుస్రత్ బేగం ఆ తడి మూటను ఎత్తుకొచ్చి ఉపేందర్ టేబుల్ మీద దబ్బున వేసింది.

"ఇగో సేట్, నీ హెచ్చరికకు జవాబు."

"మరెట్ల రాయాలె నుస్రతక్కా? నీళ్లు లేకపాయె!"

"ఇంటికి చుట్టమొస్తే 'నీళ్లు పారబోస్తే చూస్కో' అంటవా? నేను చెప్త, దీప రాస్తది. నువ్వు జర సప్పుడు చెయ్యకు."

దీప పెన్ను తీసింది. మొదట "దయచేసి" అని పెట్టి, కింద పాత చీటీలో మాటలే ఎక్కించింది.

"కొట్టెయ్ బిడ్డా. అది మున్సిపల్ ఆఫీసు మాట. 'వృథా' గూడ కొట్టెయ్. వచ్చినాయన ఇంక స్నానమే చెయ్యలే, అప్పుడే దొంగను చేస్తున్నవు. 'మార్చబడవు' ఏంది? ఎవరు మార్చరు? నేనే కద! 'మేం' అని రాయి."

"భూమి, పర్యావరణం గురించి రాయాల్నా అక్కా?"

"మన బోరు సంగతి రాయి, చాలు."

అరగంట సాగింది. చివరికి తేలింది ఇది:

"ఈ తువ్వాలు ఇంకోసారి వాడుకుంటారా? కడ్డీ మీద ఆరేయండి, మేం ముట్టుకోం. కొత్తది కావాలా? బుట్టలో వేయండి, మార్చి ఇస్తాం. మీ ఇష్టం. ఎండాకాలంలో మా బోరు సన్నగా పోస్తుంది, మీరు ఆరేసిన ప్రతి తువ్వాలూ మాకు సాయం. సంతోషం."

"మీ ఇష్టం అంటే అందరు మారుస్తరు కద!" అన్నాడు ఉపేందర్.

"ఇప్పుడు మారుస్తలేరా?"

తడి తువ్వాలు నేల మీద వేయమనడం ఆమెకు నచ్చలేదు. అందుకే ప్రతి బాత్రూంలో ఒక బుట్ట పెట్టించింది.

రెండు రోజుల తర్వాత ఎల్లేశం అనే కాంట్రాక్టరు గొడవకొచ్చాడు. "ఆరేస్తే 'ముట్టుకోం' అని రాసిన్రు. ముట్టుకున్నరు! కొత్తది పెట్టిన్రు. నేను ఊకెనే ఆరేసిన్నా?" గదులు ఊడ్చే సమ్మవ్వ అలవాటు కొద్దీ అన్నీ మార్చేసింది. నుస్రత్ బేగం ఎల్లేశానికి చాయ్ తాగించి, "తప్పు మాదే అన్నా" అంది. తర్వాత సమ్మవ్వను పక్కకు పిలిచి, బుట్టలో ఉన్నదే తీయాలని, కడ్డీ మీదిది బంగారంతో చేసిందైనా ముట్టొద్దని ఒట్టు పెట్టించుకుంది.

నెల తిరిగేసరికి బట్టలుతికే మిషను రోజుకు నాలుగు సార్లకు బదులు రెండున్నర సార్లు తిరుగుతోంది. అర అంటే, మూడోసారికి మిషను సగమే నిండితే ఆమె వేయదు, మర్నాటి బట్టలతో కలపడానికి ఆపుతుంది. అందరూ మారిపోలేదు. రోజూ మూడేసి తువ్వాళ్లు బుట్టలో వేసే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు మొహం మాడ్చకుండా కొత్తవి ఇవ్వడమే తనకు అన్నిటికన్నా కష్టమైన పని అంటుంది. ట్యాంకరు మాత్రం ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తోంది.

ఉపేందర్‌కు ఉత్సాహం పెరిగింది. "అక్కా, మెట్ల మీద గుట్కా ఉమ్ముతున్నరు. దానికి గూడ ఒక మంచి చీటీ రాయించు."

నుస్రత్ బేగం కొంగు దోపుకుని, మెట్ల పక్కన మరకలతో ఎర్రబడ్డ గోడ వైపు చూసింది. తర్వాత తన ఇంటి భాష ఉర్దూలో ఒక వాక్యం చెప్పింది. దీప పెన్ను మూసేసి, "ఇది రాస్తే పోలీసులొస్తరు అక్కా," అంది.