చివరి సాలు

పురుగుమందుల కొట్టు పిచ్చేశ్వరరావుకు ఇంగ్లీషు రాదు. సీసా మూతే ఆయన కొలత. ఆ రోజు కొట్టుకొచ్చిన వ్యవసాయాధికారి నస్రీన్ బెండకి అమ్మే మందు సీసా మీది ఇంగ్లీషు లేబుల్ చదివి చెప్పింది.

"ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో రాశారండీ, మూతల లెక్క కాదు. గ్లౌజులు, మాస్కు పెట్టుకోవాలి. కొట్టాక ఏడు రోజులు కోత కోయకూడదు."

"బెండ రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోద్ది కదమ్మా!"

"అందుకే కోతకొచ్చిన బెండకి ఇది అమ్మకండి."

ఇన్నేళ్లూ అమ్మింది ఇదేనా అని కుమిలిపోతూ, సాయంత్రం రైతు మీరావలికి ఆ మాటే చెప్పాడు. మీరావలి నవ్వాడు.

"మాకు తెలీదా బాబాయ్? ఇంట్లోకని చేలో చివరి సాలు, ఆ ఒక్క వరస మొక్కలకి, మందు కొట్టకుండా వదిలేస్తాం. మిగతాదే సంతకి."

ఇంటికెళ్లేసరికి, సంతలో కొన్న బెండకాయల వేపుడు భార్య మనవరాలికి మారు వడ్డిస్తోంది.