ఇస్తీఫా మీద మంజూరు

ఎల్లారెడ్డిలో రైతులు చందాలేసుకుని నడిపే చిన్న బడికి నేను హెడ్మాస్టరుని. హైదరాబాదు విద్యాశాఖలో పాఠ్యక్రమం చూసే అధికారిగా చేరమని హుకుం వచ్చింది. తెలుగు వాచకాల్లో ఏ తరగతికి ఏ పాఠం ఉండాలో తేల్చే పని. చేరాలంటే బడి కమిటీ నా ఇస్తీఫాను, అంటే రాజీనామాను, మంజూరు చేసినట్టు కాగితం చూపాలి.

సర్కారు కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి కాబట్టి ఇస్తీఫా ఉర్దూలో రాశాను. నెల తర్వాత నన్ను విడుదల చేయమనీ, రిజిస్టర్లూ తాళాలూ ఎవరికి అప్పగించాలో చెప్పమనీ. రాస్తుంటే సంతోషమూ లేదు, దిగులూ లేదు. ఎవరి అర్జీయో రాసిపెడుతున్నట్టే ఉంది.

కమిటీ పెద్ద ఊరి పటేలు. ఆయనకు తెలుగే వచ్చు. శాఖకు పోయే కాగితాలన్నీ నేను రాసేవాణ్ణి, ఆయన ఎద్దుల కొట్టం దగ్గర నిలబడే దస్తఖతు చేసేవాడు. ఆ రోజూ అంతే. నేను నోరు తెరిచేలోపే "మంజూరు" అని రాసి, దస్తఖతు చేసి, కలం నా చేతిలో పెట్టాడు.

"ఏం గావాలె పంతులూ, సుద్దముక్కలా?"

"నేను పోతున్న పటేలా. ఇది నా ఇస్తీఫా."

కాగితం అటూ ఇటూ తిప్పాడు. చింపుతాడనుకున్నాను. చింపితే బాగుండునని కూడా నాకు అనిపించలేదు.

"చేసిన దస్తఖతు చేసినట్టే. గని బడి మంజూరు నీ పేరు మీదనే ఉన్నది గదా. ఏమైతది?"

"కొత్త హెడ్మాస్టరుకు శాఖ మంజూరు రావాలె. వచ్చేదాంక బడి తెరువొద్దు."

కామారెడ్డిలో ట్రెయినింగు పాసైన ఒక పంతులును ఒప్పించి, ఆయన పేర అర్జీ నేనే రాశాను. ఈసారి పటేలు మొత్తం చదివించుకుని విన్నాకే దస్తఖతు చేశాడు. కామారెడ్డి స్టేషనులో నన్ను రైలెక్కిస్తూ, "ఆడ నీ దఫ్తరే గదా, జెర సూడు" అన్నాడు.

దఫ్తరు ఒకటే గాని, బడుల మంజూరు చూసే గది వేరు. వెళ్లి అడిగితే విచారణ నడుస్తోందన్నారు. మళ్లీ అడిగితే, మీ పని మీరు చూసుకోండన్నారు. మహా బాగా చూసుకున్నాను. మూడో తరగతి వాచకంలో జొన్నచేను పాఠం పెట్టాను. మంచె, వడిసెల, చదువు ముగించుకుని పిట్టలు తోలడానికి వచ్చే పిల్లలు.

పుస్తకం అచ్చయ్యేనాటికి కామారెడ్డి పంతులు విసిగి వేరే కొలువులో చేరిపోయాడు. ఒక పొద్దున పటేలు మా దఫ్తరుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"బడి తెరువనే లేదు పంతులూ. బెంచీలు మా కొట్టంల ఏసిన. నువ్వు రాసిన పుస్తకమంట, ఒకటియ్యి."

ఇచ్చాను. వరండాలోనే నిలబడి జొన్నచేను పాఠం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

"మా చేనే రాసినవు" అన్నాడు. "గని ఇది చదివే పోరగాండ్లందరు ఇప్పుడు పొద్దంత పిట్టలే తోలుతున్రు."

పుస్తకం కండువాలో చుట్టుకుని వెళ్లిపోయాడు. నాకు ఏడుపు రావలసింది. రాలేదు. బల్ల దగ్గరికి వెళ్లి నాలుగో తరగతి పాఠాలు ముందేసుకున్నాను.