గోల్డ్ కంటే పైన ఏముంది?

బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో మా అక్క చొక్కాల షాపు తెరిచినప్పుడు మూడు రకాలకు పేర్లు పెట్టింది నేనే. అన్నిటికన్నా చవక రకం గోల్డ్, దానిపైన డైమండ్, ఆపైన ప్లాటినమ్. దుకాణదారుల మధ్య పెరిగినవాణ్ణి కదా, చవక సరుక్కి కూడా గొప్ప పేరుంటే ఎవరూ చిన్నబుచ్చుకోరని నా లెక్క.

నెల తిరక్కుండానే డాక్‌లో పనిచేసే మా తెలుగు చర్చి పెద్దాయన వెలిసిపోయిన చొక్కాతో వచ్చాడు. "గోల్డంటే అన్నిటికన్నా మంచిదనుకున్నానమ్మా. ఆదివారం చర్చికి వేసుకుందామని కొన్నాను. ఇదేటి ఇలాగైపోయింది?"

ఆయన మాట చర్చి అంతా వింటుంది. అక్క చొక్కా మార్చి ఇచ్చి, ఆయన వెళ్లాక నావైపు తిరిగింది. "బేరాల్లో మొనగాడివి కదా. మనోళ్లే రాకపోతే షాపెలా నడుస్తాదిరా?"

ఆయన మాటే మళ్లీ తలచుకుంటే ఒకటి తట్టింది. మనిషి గుడ్డ కొనేది ఎక్కడికి వేసుకోవాలో చూసుకుని. అందుకని పాత చీటీలు పీకేసి డైలీ, సండే, షాదీ అని అంటించాను. ఏది దేనికన్నా పైదో బెంగాలీలకూ, ఉర్దూవాళ్లకూ, మనవాళ్లకూ చెప్పక్కర్లేదు. డైలీ కొనడానికి సిగ్గుపడేవాడూ ఉండడు.

మరుసటి నెల పెద్దాయన మళ్లీ వచ్చాడు. నేను గొంతు సవరించుకునేలోపే పనికి రెండు డైలీలు, ఒక సండే తీసి బల్లమీద పెట్టాడు.

"నువ్వేటీ చెప్పకు," అంది అక్క నాతో, సంచీ విప్పుతూ.