సామేలు రాసిన సున్నా

ఆ రోజు యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటు ఆఫీసుకు నేనూ వెళ్లాను. అక్కడి హెడ్ క్లర్కు వెంకటనర్సయ్య బల్ల గుద్ది అరిచాడు.

"ఆగస్టు బిల్లు పైసలు ఇచ్చేసినం. ఒక్క బిల్లుకు రెండుమాట్ల తింటరా?"

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే మా తార్నాక స్టేషనరీ దుకాణంలో లెక్కలు రాసే సామేలు ముందుకొచ్చి, సంచిలోంచి ఒక కాగితం తీసి పరిచాడు. కిందటి నెల బాకీ, ఈ నెల బిల్లు, వచ్చిన చెక్కు నంబరు, మిగిలింది. అన్నీ ఒకే కాగితం మీద.

"సార్, మీ చెక్కు జులైది. నంబరు చూడుండ్రి. ఆగస్టు బాకీ గట్లనే ఉన్నది."

వెంకటనర్సయ్య తన రిజిస్టరు తిప్పి చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"మనిషి మాట మారుస్తడు సార్, కాగితం మార్చది" అన్నాడు సామేలు. వారంలో చెక్కు వచ్చింది. మా దుకాణానికి అంత మర్యాద తెచ్చినవాడు మరొకడు లేడు.

అతనిది లాలాపేట్. యాభై రెండేళ్లు. సైకిలు, చేతిలో స్టీలు స్కేలు. నెలకు పద్నాలుగు వందలిచ్చేదాన్ని. ఎక్కువిచ్చానని నేను చెప్పుకోను. క్యాంపస్ ఆఫీసులు రోజూ చిల్లర సరుకే అడుగుతాయి: రెండు రీముల కాగితం, ఒక టైపు రిబ్బను, సుద్దముక్కల డబ్బా. మొదట్లో ప్రతి చీటీకీ ఒక బిల్లు రాసి పంపేవాళ్లం, ఏ బిల్లు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. నెలకొకే బిల్లు పద్ధతి పెట్టింది సామేలే. సరుకు దింపినప్పుడు చీటీ మీద సంతకం, నెలాఖరున ఆ చీటీలన్నీ నంబరు, తారీఖులతో ఒకే బిల్లులో, పైన బాకీల కాగితం. నేను చదివింది మూడో తరగతే. అయినా ఆ కాగితం నాకు అర్థమయ్యేది.

తొంభై ఆరు మార్చిలో వెంకటనర్సయ్య అతన్ని పిలిపించాడు.

"సామేలూ, బడ్జెట్ అయిపోయింది. ఫిబ్రవరి బిల్లు వాపస్ తీస్కో. దాన్నీ, మార్చి చీటీలనూ కలిపి ఏప్రిల్ తారీఖుతోని ఒక్క బిల్లు రాయి. కొత్త పైసలు రాంగనే పాస్ జేస్త. ఆడిట్‌కు మాత్రం మార్చి కాగితం మీద బాకీ లేదని రాసియ్యి."

"నోటి మాటనేనా సార్?"

"నమ్మవా ఏంది? ఇన్నేండ్ల దోస్తీ!"

సామేలు రాశాడు. మార్చి ముప్పై ఒకటి నాటికి బాకీ సున్నా. దుకాణం ముద్ర కొట్టాడు. అప్పుడు నాకు చెప్పలేదు.

ఏప్రిల్ నెలాఖరున వెంకటనర్సయ్య రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి గుంటూరు నుంచి వచ్చిన ప్రిస్కిల్లా మేడం వచ్చింది. పద్దెనిమిది వేల ఆరువందల నలభై రూపాయల బిల్లు ఆమె ముందుకు వెళ్లింది. ఆ రోజు కూడా నేను పక్కనే ఉన్నాను.

"ఏంటండీ ఇది? చీటీలన్నీ ఫిబ్రవరి, మార్చివి. బిల్లేమో ఏప్రిల్‌ది."

"సార్ చెప్పిండు మేడం. సంతకాలున్నయ్ చూడుండ్రి."

"సంతకాలు ఉన్నాయి. ఇది కూడా ఉందిగా?" ఫైల్లోంచి మా కాగితమే తీసి అతని ముందు పెట్టింది. "బాకీ లేదని మీ ముద్రతో మీరే ఇచ్చారు. ఇది ఉండగా నేనెలా పాస్ చెయ్యను? రేపు ఆడిట్‌లో నా మెడకు చుట్టుకుంటుంది."

సామేలు ఆ సున్నా వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆమె తప్పేమీ లేదు. నేను కూడా అలాగే అనేదాన్ని.

సామేలు వెంకటనర్సయ్య ఇంటికి రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి ఆయన చాయ్ ఇచ్చి పంపాడట. రెండోసారి తలుపే తీయలేదు.

డబ్బు కట్టలేదని రీముల హోల్‌సేల్ వాడు సరుకు ఆపేశాడు. నా చేతి గాజులు రెండు అమ్మి వాడికి కట్టాను. ఆ కోపంలో దుకాణం నిండా జనం ఉండగా అనేశాను.

"నీ స్కేలుకున్న సోయి నీకు లేకపాయె గదా సామేలూ!"

ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నా నోరు అటువంటి పనికి అలవాటు పడలేదు.

జూన్ ఒకటిన జీతం డబ్బులు సామేలు చేతిలో పెట్టాను. రెండు వందలు తీసి మళ్లీ గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ఏందిది?"

"అమ్మా, నా పేరు మీద ఒక ఖాతా తెరువుండ్రి. మొదటి బాకీ పద్దెనిమిది వేల ఆరువందల నలభై."

వద్దన్నాను. తిట్టాను. వినలేదు. నెలకు రెండు వందలంటే ఎనిమిదేళ్లు పడుతుంది. అతనికి ఆ లెక్క నాకంటే ముందే తెలుసు.

"నెలనెలా నాకు కాగితమియ్యుండ్రి" అన్నాడు. "నన్ను రాయమనకుండ్రి అమ్మా, నా చేతి మీద నాకు భరోసా లేదు. వంకరైనా సరే, మీ చేతితోనే రాయుండ్రి. నేను కాళ్లు పట్టుకున్నా సరే, ఆఖరి రూపాయి ముట్టేదాంక సున్నా మాత్రం రాయకుండ్రి."