ఐదో చుక్క

లెక్కల పరీక్ష ఈసారీ తప్పితే చదువు మానిపిస్తామన్నారు మా హాస్టల్ స్నేహితురాలి ఇంట్లో. సార్ మా క్లాసులో రికార్డు చేసిన పాఠం వీడియో కింద వచ్చే మాటల క్యాప్షన్లను ఆమె కోసం పేరాలుగా కలిపి, ప్రతి పేరా ముందు వీడియోలోని సమయం వేసి, మళ్లీ చూడాల్సిన చోట చుక్క పెట్టాను. నాకు అర్థంకాని ప్రతిచోటా పెట్టడంతో పేజీ ఆకాశమైంది.

"చుక్కలు పెట్టుమంటే చుక్కలు చూపిస్తానవేందే! గిన్ని చూసుడైతే వీడియో మొత్తం చూస్త గద!" అంది.

"ఇది ఇక్కడికొస్తది" అంటూ సార్ బోర్డు చూపించిన నాలుగు చోట్లే ఉంచాను. అక్కడ మాటలు చాలవు, ఆయన చెయ్యి చూడాలి. ఆమె గట్టెక్కింది.

మొన్న ఆ నోట్సు తెరిస్తే ఆమె పెట్టిన ఐదో చుక్క కనిపించింది. వీడియో అక్కడికి జరిపాను. లెక్కేమీ లేదు. వెనక బెంచీ నుంచి మా ఇద్దరి నవ్వు వినిపించింది. మళ్లీ వెనక్కి జరిపాను.