నొక్కితే తగ్గే మెసేజ్

ఎవరైనా ఒకే మాట రెండోసారి చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన గుమ్మం దగ్గర ‘గ్యాస్ కట్టేశావా’ అని అడిగి, లిఫ్ట్‌లో మళ్ళీ అదే మాట అడిగితే, కట్టేసిన గ్యాస్‌ని వెనక్కి వెళ్ళి వెలిగించి రావాలనిపిస్తుంది. అలాంటి నన్ను ఏరికోరి, మనుషులకు రోజంతా నీళ్ళు తాగమని గుర్తుచేసే పనిలో పెట్టారు. దోహాలో వరల్డ్ కప్ కోసం స్టేడియాలు లేస్తున్న రోజులవి. మేం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మరో గోదావరి జిల్లా కుటుంబంతో కలిసి ఒక విల్లా పంచుకుని ఉండేవాళ్ళం. నేను ఫోన్ యాప్‌లు తయారుచేసే చిన్న కంపెనీలో, తెరమీద కనిపించే మాటలు రాసే ఉద్యోగం చేసేదాన్ని.

ఒక కాంట్రాక్టు కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్ళ క్యాంప్ క్లినిక్‌లో కిడ్నీలో రాళ్ళతో వచ్చే మనుషులు ఎక్కువయ్యారట. వాళ్ళకు నీళ్ళు తాగడం అలవాటు చేసే యాప్ కావాలన్నారు. ఫోన్లు కూడా కంపెనీయే ఇస్తుంది. మొదట మన తెలుగువాళ్ళున్న ఒక బ్యాచ్‌తో చూద్దామన్నారు. అందరూ కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళే.

మా టీమ్‌లీడ్ లెబనాన్ మనిషి. మంచివాడే, కాకపోతే గంట మోగితే పని జరుగుతుందని నమ్మే రకం. మనిషి జవాబివ్వకపోతే ఇంకా గట్టిగా మోగించాలంటాడు. నేను కాదన్నాను. జవాబివ్వని మనిషిని ఇంకా పీకితే, మొదట చేసేపని ఆ మోతను ఆపేయడమే అని వాదించాను. ఆ వాదనలో నేను గెలిచాను. అది ఆఫీసులో అరుదు కాబట్టి చెప్పుకుంటున్నాను.

మేం కట్టిన పద్ధతి ఇది. పని మధ్యలో ఫోన్ తీయకూడదు కనుక మెసేజ్‌లు విరామాల్లోనే వస్తాయి. పొద్దున బస్సెక్కేటప్పుడు, టీ టైమ్‌లో, మధ్యాహ్నం నీడలో కూర్చునేటప్పుడు, సాయంత్రం దిగేటప్పుడు. బాటిల్ నింపుకుని కొద్దికొద్దిగా తాగుతుండమని చెబుతుంది. మనిషి ‘తాగాను’ అని నొక్కుతాడు. కొన్నాళ్ళు క్రమంగా నొక్కితే అలవాటు పడ్డాడని లెక్క. అప్పుడు మెసేజ్ విరామం వదిలి విరామానికి వస్తుంది. తర్వాత పొద్దునా సాయంత్రమూ. ఆ తర్వాత పొద్దున ఒక్కటే. మధ్యలో తప్పితే వెంటనే మరొకటి పంపం, మొదటికీ తీసుకురాం. కొన్నిరోజులు వరసగా తప్పితేనే ఒక మెట్టు కిందికి దించి, మళ్ళీ కాస్త దగ్గర దగ్గరగా పంపుతాం. ఎండ బాగా ముదిరి సైట్‌లో హెచ్చరిక జెండా ఎగరేసిన రోజు మాత్రం మెట్లూ గిట్లూ లేవు, అందరికీ ప్రతి విరామానికీ వస్తుంది. ఫోర్‌మన్ ఇచ్చే నీళ్ళ విరామాలు ఎటూ ఉంటాయి.

ఇక మాటలు. ఒకరోజు నొక్కడం తప్పినవాళ్ళకు పంపాలని టీమ్‌లీడ్ ఇంగ్లీషులో రాసిన దాన్ని తెలుగు చేస్తే ‘మీ వరుస తెగిపోయింది’ అని వచ్చింది. చదవగానే ఎవరో పోయినంత పనయింది. నేను దాన్ని కొట్టేసి, ‘ఈ వారం చాలా రోజులు తాగారు, నిన్న ఒక్కరోజు జారింది, వరుస ఇంకా మీదే, ఇవాళ కలుపుకోండి’ అని రాశాను. ఒక్కరోజు తప్పితే సున్నాకు తేకూడదని పట్టుబట్టాను. సున్నా చూసిన మనిషి మళ్ళీ మొదలుపెట్టడు, నేనైతే పెట్టను. నా ‘తాగారా’ వాళ్ళకు బడిపంతులు అడిగినట్టుందని ఆ బ్యాచ్‌వాళ్ళే చెబితే ‘తాగిండ్రా’ చేశాను. అన్నీ కుదిరాయనుకుని చాలా సంబరపడ్డాను.

మొదటి వారాలు బాగా నడిచాయి. తర్వాతే నాకు మతిపోయింది. మా తెరమీద ఒక్కో మనిషికి ఒక్కో గీత ఉంటుంది. బాగా నొక్కేవాళ్ళ గీతలు పైకి పోతాయి, పొద్దున ఒక్క మెసేజ్ మిగిలే మెట్టు అంచుదాకా వస్తాయి, సరిగ్గా అక్కడ దబ్బున పడిపోతాయి. మెసేజ్‌లు మళ్ళీ ఎక్కువ కాగానే ఠంచనుగా నొక్కుతారు, పైకొస్తారు, మళ్ళీ పడతారు. మొదటినుంచీ బద్ధకంగా ఉన్నవాళ్ళు అలాగే నిదానంగా సాగుతున్నారు. పడేది శ్రద్ధ ఉన్నవాళ్ళే.

ఎండేమో అనుకున్నాం. ఎండ తగ్గినా పడ్డారు. ఫోన్ చార్జింగేమో అనుకున్నాం. అదీ కాదు. నా మాటలే చప్పగా ఉన్నాయేమోనని పొగడ్త కాస్త పెంచి రాశాను. ఏ తేడా లేదు. టీమ్‌లీడ్ నావైపు చూసి, ‘చూశావా, వదిలేస్తే వదిలేస్తారు’ అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది, అంతకంటే భయం వేసింది. ఎందుకంటే ఆ పడిపోయే గీతల్లో ఒకటి ఒక రాడ్‌బెండర్‌ది. కాంక్రీటు పోయకముందు ఇనుప చువ్వలు వంచి కట్టే పని. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. అతనికి అప్పటికే ఒకసారి రాయి వచ్చింది. ఇంకోసారి వస్తే అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపేస్తామని క్లినిక్‌లో చెప్పారు. అతను ఎలాగైనా తర్వాతి సైట్‌కు ఎక్కాలని చూస్తున్నాడు. ఇంటిదగ్గర స్లాబ్ వేసి ఆగిపోయిన ఇల్లుంది. నీళ్ళు మానేస్తే ఆ మనిషి పని అయిపోయినట్టే.

నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో తెలిసిన మనిషి ఎందుకు మానేస్తాడో నా బుర్రకు ఎక్కలేదు. కాంట్రాక్టు కంపెనీలో కూలీల బాగోగులు చూసే వెల్ఫేర్ ఆఫీసర్‌ని బతిమాలి, అతనితోపాటు సైట్‌కు వెళ్ళాను. మధ్యాహ్నం పని ఆపే వేళ. పెద్ద రేకుల షెడ్డులో అందరూ కూర్చున్నారు. రాడ్‌బెండర్ ఒక మూల బాటిల్ ఎత్తి తాగుతున్నాడు. పక్కనే ఫోన్. మా మెసేజ్ వచ్చి వెలిగింది. అతను చూశాడు, నోరు తుడుచుకున్నాడు, ఫోన్ బోర్లా పెట్టాడు.

నేను ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. ఆ మెసేజ్‌లు రాసేది నేనేనని చెప్పాను.

“ఇప్పుడే తాగారు కదండీ, నొక్కలేదేం?”

అతను వెల్ఫేర్ ఆఫీసర్ ఎంత దూరంలో ఉన్నాడో చూసుకున్నాడు. “తాగుతనే ఉన్న మేడమ్. రోజు తాగుత. నొక్కుడే బందువెట్టిన.”

“ఎందుకు?”

“నొక్కితే తగ్గుతున్నయ్ గదా.”

“తగ్గాలనే కదా మేం పెట్టింది. మీకు అలవాటైపోయింది, ఇంక మేం సతాయించక్కర్లేదని.”

అతను నన్ను కొంచెం జాలిగా చూశాడు. “మా రూమ్ల ఇద్దరుండె మేడమ్. మస్తు నొక్కేటోల్లు. మెల్లగ తగ్గి తగ్గి పొద్దుగాల ఒక్కటే వచ్చుడు వెట్టింది. గంతే, అటెన్క టికెట్లు వచ్చినయ్. ఇంటికి పోయిండ్రు. అవతలి రూమ్ల గూడ గట్లనే అయింది. కంపెనీ ఫోన్ల వచ్చేది గదా. మెసేజ్ తగ్గుతే పేరు కొట్టేస్తున్నరని ఎరుకైంది. అందుకే ఎవ్వరం కొసదాక పోనిస్తలేం. జర తప్పుతం, మల్ల వస్తయ్.”

వాళ్ళ లెక్కలో తప్పెక్కడుందో వెతుక్కున్నాను. ఏ పనిలో ఉండేవాళ్ళని అడిగితే, ఆ ఇద్దరూ పునాదుల బ్యాచ్ అని తేలింది. ఆ పని ముగిసింది కనుక పంపారు. యాప్ మొదట పెట్టింది వాళ్ళ ఫోన్లలోనే కనుక అందరికంటే ముందు మెట్లెక్కారు. రెండూ ఒకే సమయానికి వచ్చి పడ్డాయి. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. పీకకూడదని నేను అంత ముచ్చటపడి పెంచిన ఎడం, అవతలివాళ్ళకు ముఖం చాటేసినట్టు కనిపించిందని తలుచుకుంటే నాకే సిగ్గేసింది.

“మెసేజ్‌కీ ఉద్యోగానికీ ఏ సంబంధం లేదండీ. నా మాట నమ్మండి.”

“గట్లనా,” అన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

తిరుగుదారిలో కారులో వెల్ఫేర్ ఆఫీసర్‌ని అడిగాను, ఈ గీతలు చూసి ఎవరి పేరైనా ఎంచుతారా అని. లేదన్నాడు. రోడ్డుమీదినుంచి చూపు తిప్పకుండా అన్నాడు. ఆ లేదు ఎంతవరకు నిజమో నాకు ఈనాటికీ తెలియదు.

ఆఫీసుకు రాగానే రెండు మార్పులు చేశాం. మెసేజ్‌లు తగ్గించే ముందు ఆ సంగతి చెప్పి, అడిగి తగ్గించడం ఒకటి. ‘మీ అంతట మీరే తాగుతున్నరు, ఇక తక్కువ పంపుతం, ఇది హాజరు కాదు, డ్యూటీ లెక్క కాదు, సరేనా’ అని. రెండోది, ఎప్పుడు కావాలంటే అప్పుడు నొక్కుకునే బొత్తాం. దానిమీద ‘మల్ల ప్రతి బ్రేక్‌కు పంపు’ అని రాశాను. ఎడం ఎంతుండాలో వాళ్ళ చేతిలోనే పెట్టాం. రాడ్‌బెండర్‌కు ఫోన్ చేసి, ముందు మీరు ‘సరే’ నొక్కి చూపిస్తే మిగతావాళ్ళు నమ్ముతారని అడిగాను. “మీరు చెప్తున్నరు గదా మేడమ్” అన్నాడు.

అతను ‘సరే’ నొక్కాడు. పొద్దున ఒక్క మెసేజ్ మెట్టుకు చేరి, పడకుండా నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. గీతలు సాఫీ అయ్యాయి. క్లినిక్‌లో అతని పరీక్ష బాగా వచ్చిందని తెలిసి నేను ఆఫీసులో అందరికీ బక్లావా మిఠాయి పంచాను. టీమ్‌లీడ్ రెండు తిన్నాడు.

కొన్ని నెలలకు ఆ స్టేడియంలో కాంక్రీటు పని ముగిసింది. రాడ్‌బెండర్లను తర్వాతి సైట్‌కు కొందరినే తీసుకున్నారు. మిగతావాళ్ళకు టికెట్లు. అతని పేరు టికెట్ల వైపు పడింది. వయసు చూశారో, పాత రాయి చూశారో, ఇంకేం చూశారో, నేను అడిగినచోటల్లా భుజాలెగరేశారు.

ఆ సంగతి విన్న రోజు తెర తీసి అతని గీత చూశాను. టికెట్ల సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అతను ఆ ‘మల్ల ప్రతి బ్రేక్‌కు పంపు’ బొత్తాం నొక్కాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోయాడు. మా యాప్ ప్రతిసారీ మర్యాదగా, నేను రాసిపెట్టిన మాటలతోనే జవాబిచ్చింది. ‘మంచిది, ఇవాల్టి నుంచి ప్రతి బ్రేక్‌కు పంపుతం’ అని.

వెంటనే అతనికి ఫోన్ చేశాను. బ్యాగు సర్దుకుంటున్నానన్నాడు. ఏమనాలో తెలియక, చెప్పిందే మళ్ళీ చెప్పాను.

“ఆ బొత్తానికీ, పేరుకీ సంబంధం లేదండీ. నిజంగా లేదు.”

“ఎరుకే మేడమ్,” అన్నాడు. “ఎరుకుండే నొక్కిన.”